అరగంటకో బండి

రాత్రి డ్యూటీ చేసినవాళ్ళు పొద్దున్నే ఇంటికి పోవాలి. ఆ రూలు ల్యాబ్ గోడ మీద అంటించి ఉంది. మాధవీలత మాత్రం ఆ రూలు కిందనే కుర్చీలో కూలబడి ఉంది. ఆమె తరవాత డ్యూటీకి రావాల్సిన పాండు తనకు జ్వరమని ఫోన్ చేశాడు. ఇంకెవరినైనా పంపమని పైవాళ్ళను అడిగితే, జర సర్దుకోమ్మా అన్నారు. ఆ ఆసుపత్రిలో సర్దుకోవడమన్నది జీతంలో భాగం. మాధవీలత సర్దుకుంది. రాజేంద్రనగర్‌లో ఆమె ఇంటి తాళంచెవి ఆమె సంచిలోనే ఉండిపోయింది.

శంషాబాద్‌కు విమానాలొచ్చాక హైవే పక్కన లేచిన దవాఖానల్లో అదొకటి. ముందు చూస్తే అద్దాలు, వెనక చూస్తే ఎవరిదో జొన్నచేను. ఆ ఏడాదే ల్యాబ్‌కి కొత్త మిషన్ వచ్చింది. రక్తపు గొట్టం పెడితే చాలు, తనే పరీక్ష చేసి అంకెను పక్కనున్న కంప్యూటర్‌కి అప్పజెబుతుంది. ఆ కంప్యూటర్ వచ్చిన అంకెల్ని పోగేసుకుని, అరగంటకోసారి మూటకట్టి ఆసుపత్రి రికార్డుల్లోకి పంపుతుంది. వార్డుల్లో డాక్టర్లు వాటిని తమ తెరల మీద చూసుకుంటారు. ల్యాబ్‌వాళ్ళు ఆ పంపకానికి బండి అని పేరు పెట్టారు. బండి పోయిందా అనేవారు, ఈ బండికి అందలేదు వచ్చే బండికి పోతుందిలే అనేవారు. ఆర్టీసీ బస్సుకన్నా నయం, టైముకి పోతుంది అని మురిసిపోయేవారు కూడా.

ఒకటే తిరకాసు. ఆ మిషన్ పరాయి దేశపు కొలతల్లో మాట్లాడుతుంది. మన డాక్టర్లు డెసిలీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు అని చూస్తే, అది లీటరుకి ఇన్ని మైక్రోమోల్స్ అంటుంది. కామెర్లు చూసే బిలిరుబిన్ పరీక్షే తీసుకోండి. మిషన్ చెప్పిన అంకెను పదిహేడు పాయింట్ ఒకటితో భాగిస్తే గాని మన అంకె రాదు. కంప్యూటర్లు చూసుకునే ఉపేందర్ ఆ భాగాహారం బండి దారిలోనే జరిగిపోయేటట్టు రాసిపెట్టాడు. ఇగ మీరు లెక్కలు చెయ్యనక్కర్లేదక్కా, అన్నాడు. నిజంగానే చెయ్యనక్కర్లేకపోయింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆ ఉదయం బిలిరుబిన్ పరీక్షలు రెండే ఉన్నాయి. ఒకటి మూడోరోజు పసిబిడ్డది, కాన్పుల వార్డు నుంచి. తల్లి పేరు అఖిల. రెండోది పొద్దున్నే వచ్చి రక్తమిచ్చిపోయిన మొగులయ్య అనే పెద్దమనిషిది. కామెర్లు తగ్గాయో లేదో చూపించుకోవడానికి వచ్చాడు. మామూలుగా అయితే ముందు కంట్రోల్ నడపాలి. అంటే ఎంత రావాలో ముందే తెలిసిన సీరం ఒకటి పెట్టి, మిషన్ నిజం చెబుతోందో లేదో చూడాలి. కాని బిడ్డను ఇంటికి పంపాలి, రిపోర్టేదీ అని వార్డువాళ్ళు ఊపిరాడనివ్వలేదు. మాధవీలత ముందు రోగుల గొట్టాలు పెట్టి, తరవాత కంట్రోల్ పెట్టింది. బిడ్డకు తొమ్మిది పాయింట్ నాలుగు అని బండెక్కి వెళ్ళిపోయాక కంట్రోల్ వచ్చింది, రావాల్సినదాంట్లో సగం. మిషన్‌లో పోసే పరీక్ష మందు పాడయిందన్నమాట. మందు పాడయితే రోగుల అంకెలూ సగమే.

కొత్త మందు సాయంత్రానికి గాని రాదు. మూలన బట్ట కప్పి ఉన్న పాత మిషన్‌ని దులిపింది. దానికి ఏ కంప్యూటర్‌తోనూ చుట్టరికం లేదు. చేత్తో పోసి, చేత్తో కలిపి, మీట నొక్కితే సన్న కాగితం మీద అంకె కక్కుతుంది, అదీ మన మిల్లీగ్రాముల్లోనే. దాని కంట్రోల్ సరిగ్గా వచ్చాక రెండు రక్తాలూ మళ్ళీ చేసింది. మొగులయ్యకు మూడు పాయింట్ నాలుగు. బిడ్డకు పద్దెనిమిది పాయింట్ ఎనిమిది.

ఆ అంకె చూసి నిద్రమత్తు కొంచెం వదిలింది. మూడోరోజు బిడ్డకు అంతుంటే నీలిలైటు కింద పెట్టాల్సిందే. పెట్టకపోతే ఆ పచ్చ మెదడుకి ఎక్కుతుంది. చెవులు పోతాయి, కాళ్ళూ చేతులూ పోతాయి, ఇంకా పెరిగితే బిడ్డే దక్కదు. వార్డుకి ఫోన్ చేసింది. ఎంగేజ్. మళ్ళీ చేద్దామని పెట్టేసి, ముందు కంప్యూటర్లో సవరణ తెర తీసింది. తెర పాత ఫలితం 9.4 అని చూపించి, పక్కన ఖాళీ గడి చూపించింది. ఆ గడిలో 18.8 అని కొట్టింది. మొగులయ్య పేరు కింద 1.7 పక్కన 3.4 కొట్టింది. సవరించినది అని గుర్తు పడింది. రక్తాలిచ్చే కిటికీ దగ్గర అప్పటికే జనం కేకలేస్తున్నారు. వచ్చే బండికి ఎట్లాగూ పోతుంది, అంత పెద్ద అంకె వార్డు తెర మీద ఎర్రగా మెరుస్తుంది, చూడకుండా ఉంటారా అనుకుంది. రెండోసారి ఫోన్ చెయ్యలేదు.

కిటికీ దగ్గర జనం పలచబడ్డాక మొగులయ్య వచ్చాడు. కౌంటర్లో ఇచ్చిన రిపోర్టు కాగితం కాబోలు, చేతిలో ఊపుకుంటూ వచ్చాడు. ఈయనది పాల్మాకుల. విమానాశ్రయానికి భూమి పోగా మిగిలిన చెక్కలో కూరగాయలు వేస్తాడు, నోరు మాత్రం పెద్ద ఆసామిది. అమ్మా, మీ ఇంగ్లీషు మందు నేను ముట్టలేదు, మా ఊరి పసరే తాగిన, చూడు ఎట్ల దిగిందో అన్నాడు. డాక్టరు దగ్గరికి పోనే పోను, ఈ కాగితం మా ఆడిదానికి చూపిస్త అన్నాడు.

మాధవీలత నవ్వబోయి ఆగింది. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు గాని, ఇక్కడ లోకానికంతటికీ మొగులయ్య కళ్ళే పచ్చగా కనబడుతున్నాయి. తంగేడు పూల మాదిరి ఉన్నాయి. కాగితం అందుకుంది. బిలిరుబిన్, సవరించిన ఫలితం, 0.2.

తను కొట్టింది మూడు పాయింట్ నాలుగు. వేలు ఆ అంకె మీద నొక్కిపట్టి చూసింది. తను పొరపాటున కొట్టినా రెండంకెలు తారుమారవుతాయి గాని ఇదెక్కడి సున్నా? కాలిక్యులేటర్ తీసి మూడు పాయింట్ నాలుగును పదిహేడు పాయింట్ ఒకటితో భాగించింది. సున్నా పాయింట్ రెండు.

తెర పాత అంకెను వార్డు కొలతలో చూపించింది. కాబట్టి ఆమె కొత్త అంకెను వార్డు కొలతలోనే రాసింది. బండికి ఆ సంగతి తెలియదు. గడిలో ఉన్నదేదైనా మిషన్ చెప్పిందే అనుకుని, దారిలో మళ్ళీ భాగించేసింది. ఇదివరకు ఆమె చేత్తో సవరించినవన్నీ సోడియం, పొటాషియం. వాటికి రెండు కొలతల్లోనూ అంకె ఒకటే, భాగాహారం లేదు, అందుకే గుట్టు బయటపడలేదు. పద్దెనిమిది పాయింట్ ఎనిమిదిని కూడా భాగించింది. ఒకటి పాయింట్ ఒకటి. ఎర్రగా మెరవడం మాట అటుంచి, ఎవరికీ అనుమానం రానంత మామూలు అంకె.

కాన్పుల వార్డుకి మెట్లెక్కి పరిగెత్తింది. లిఫ్ట్ కోసం ఆగేంత ఓపిక కాళ్ళకు లేదు, మనసుకు అసలే లేదు. అఖిల మంచం ఖాళీ. ఆయా పోచమ్మ కొత్త దుప్పటి పరుస్తోంది. పిల్లల డాక్టరమ్మ అరుణ అక్కడే ఉంది. మాధవీలత రెండు ముక్కల్లో చెప్పింది. అరుణది గుంటూరు వైపు, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. బిడ్డ రిపోర్టును తెర మీద మళ్ళీ తీసి చూసింది.

"పొద్దున చూసినప్పుడు పచ్చగానే అనిపించిందండీ నాకు," అంది. "తొమ్మిది కదా, రెండు రోజుల్లో మళ్ళీ తీసుకురమ్మందామనుకున్నాను. తర్వాత సవరించి ఒకటి అని వచ్చింది. మూడోరోజు బిడ్డకి ఒకటేమిటని నేనైనా ఆగాల్సింది. మంచం కావాలని కింద ఇంకొకరు కూర్చుని ఉన్నారు."

తిలా పాపం తలా పిడికెడు. పంచుకోవడానికి అప్పుడు టైము లేదు. రికార్డులో ఉన్న ఫోను అఖిల మొగుడు నవీన్‌కుమార్‌ది. ఎయిర్‌పోర్టులో సరుకులు దించే షెడ్డులో పని, లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు. ఎన్నిసార్లు చేసినా స్విచ్చాఫ్ అనే వచ్చింది. ఇల్లు రావిర్యాల అని ఉంది. అంబులెన్స్ రావిర్యాల పంపమని అరుణ కిందకి ఫోన్ చేసింది.

కింద అంబులెన్స్ ఎక్కబోతున్న మాధవీలతకు మొగులయ్య అడ్డం వచ్చాడు. తన కాగితం గుంజుకుని పరిగెత్తిందని ఆయన కోపం. ఎవరికోసం పోతున్నారో చెప్పకపోతే వదిలేటట్టు లేడు. రావిర్యాల, అఖిల అని, నిన్న మొన్న కాన్పయిన పిల్ల అని చెప్పింది.

"రావిర్యాలకెందుకు పోతదమ్మా?" అన్నాడు మొగులయ్య. "తొలి కాన్పు గదా, తల్లిగారింటికి పోయింది. మా దుర్గవ్వ బిడ్డ. నేను గేటు కాడ చాయ్ తాగుతుంటే నా ముంగటనే ఆటో ఎక్కిండ్రు. పాల్మాకుల పోయిండ్రు."

రికార్డుకి అత్తారిల్లు తెలుసు. తొలి కాన్పుకి పుట్టింటికి పోతారని ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుసు, రికార్డు అడిగిన పాపాన పోలేదు. మొగులయ్యను కూడా ఎక్కించుకుని అంబులెన్స్‌ను పాల్మాకుల వైపు తిప్పారు. దారి పొడవునా ఆయన తన కళ్ళు నిజంగానే పచ్చగున్నాయా అని అడుగుతూనే ఉన్నాడు. ఉన్నాయి బాపూ, నీకింకా తగ్గలేదు, మందులు వేసుకో అని చెప్పింది. పసరు మీద నమ్మకం పోయిన మొహం చూసి జాలేసింది గాని, ఆ జాలికి కూడా ఓపిక కావాలి.

దుర్గవ్వ ఇల్లు రేకుల ఇల్లు. లోపల సాంబ్రాణి వాసన. బిడ్డకు అప్పుడే నీళ్ళు పోశారు. ఒంటికి నూనె, పసుపు రాసి మెత్తటి పాత చీరలో చుట్టి చాపమీద పడుకోబెట్టారు. అఖిల గోడకు జారగిలబడి ఉంది. అంబులెన్స్ చూడగానే ఆమె మొహం పాలిపోయింది. దుర్గవ్వ మాత్రం గడపకు అడ్డంగా నిలబడింది. పొడుగాటి మనిషి, చీర చెంగు నడుముకు బిగించి ఉంది.

మాధవీలత విషయం చెప్పింది. బిడ్డకు కామెర్లు ఎక్కువున్నాయి, వెంటనే తీసుకుపోవాలంది.

"పొద్దుగాల బిడ్డ మంచిగున్నది పోండ్రి అన్నరు," అంది దుర్గవ్వ. "ఇప్పుడు బాగలేదంటున్నరు. ఏది నమ్మాలె? పచ్చగున్నదంటవా, పసుపు రాసినం, పచ్చగ ఉండదా?"

బిడ్డ పాలు తాగుతోందా అని అడిగింది మాధవీలత. ఇంటికొచ్చినప్పటి నుంచి తాగలేదని, లేపినా లేవడం లేదని అఖిల లోపలి నుంచి సన్నగా చెప్పింది. నిద్రపోనీ, మంచిదేనని అమ్మే అందని కూడా చెప్పింది. దుర్గవ్వ కూతురి వైపు కసిరినట్టు చూసింది.

మాధవీలత అడగకుండానే లోపలికి పోయి చాప మీద కూలబడింది. తడిబట్టతో బిడ్డ నుదురు మీది పసుపు మెల్లగా తుడిచింది. గుండె మీద, పొట్ట మీద, తొడల మీద తుడిచింది. బట్టకు పసుపు అంటింది. తుడిచినచోట చర్మాన్ని వేలితో నొక్కి వదిలింది. ఎర్రదనం పోయి తెల్లగా కనపడాల్సిన చోట పచ్చగా కనపడింది. తొడల దాకా అట్లాగే ఉంది. తలుపులోంచి పడుతున్న వెలుతుర్లో దుర్గవ్వ చాప పక్కన కూర్చుని చూసింది, తన వేలితో తను కూడా నొక్కి చూసింది. అయినా లేవలేదు, బిడ్డను ఇవ్వలేదు. ఈ దవాఖానవాళ్ళు పొద్దునొక మాట మాపునొక మాట చెప్తే పేదోళ్ళు ఎన్ని మాటలు మొయ్యాలని ఆమె బాధ. ఆ బాధలో తప్పేమీ లేదు.

మిషన్ పొరపాటని చెప్పొచ్చు. కంప్యూటర్ పొరపాటని చెప్పొచ్చు, అందులో అబద్ధం కూడా లేదు. మాధవీలతకు అవన్నీ విడమరిచి చెప్పే ఓపిక లేదు. చెప్పినా ఆ ముసలామెకు మిగిలేది ఇంకో అయోమయం.

"తప్పు నాదవ్వా," అంది. "పద్దెనిమిది అని నేనే చూసిన. చూసి ఫోన్ చేసిన, కలవలే. మళ్ళ చెయ్యలే. చేసుంటే మీరు ఇంటికి వచ్చెటోళ్ళు కాదు. నన్ను తర్వాత తిట్టు. బిడ్డను నాకియ్యకు, నువ్వే ఎత్తుకుని బండెక్కు."

దుర్గవ్వ ఆమె మొహంలోకి చూసింది. రాత్రంతా మేలుకున్న ఆ కళ్ళలో ఏం కనపడిందో గాని, చాప మీదికి వంగింది. బిడ్డను రొమ్ముకు హత్తుకుని లేచింది. కూతురికి చెప్పులు కూడా వేసుకోనివ్వలేదు.

ఆసుపత్రిలో తీసిన రక్తం మాధవీలతే చేసింది, పాత మిషన్ మీదే. ఇరవై పాయింట్ తొమ్మిది. ఈసారి ఫోన్ చెయ్యలేదు, కాగితం పట్టుకుని తనే మెట్లెక్కింది. అరుణ అప్పటికే బిడ్డ కళ్ళకు గంతలు కట్టి, బట్టలిప్పి, కిందా పైనా నీలిలైట్లు పెట్టించింది. దీనితో తగ్గకపోతే ఒంట్లో రక్తమే మార్చాల్సి వస్తుందని, నీలోఫర్ పిల్లల దవాఖానకు కూడా చెప్పి ఉంచానని అంది. ఈ రాత్రి ఇంట్లోనే ఉండి ఉంటే అని మొదలుపెట్టి ఆ మాట పూర్తి చెయ్యలేదు. చెవుల సంగతి, మెదడు సంగతి ఇప్పుడే ఏమీ చెప్పలేనని, నెలల తరబడి చూడాలని మాత్రం చెప్పింది.

ఉపేందర్ ల్యాబ్‌లో తల పట్టుకుని కూర్చున్నాడు. మాధవీలత దారిలోంచి ఫోన్ చేసి చెబితే, ఆమె పాల్మాకుల నుంచి వచ్చేలోపల అంకెల బండిని ఆపేశాడు. చేత్తో రాసిన సవరణలన్నీ వెనక్కి తిరిగి చూశాడు. ఇంకెవరివీ దెబ్బతినలేదు. చేత్తో రాసినవి కూడా మిషన్ దారినే పోతాయని తెలుసక్కా, కాని మీరు పాత మిషన్ అంకె రాస్తారని అనుకోలేదు అన్నాడు. పాత అంకెను ఒక కొలతలో చూపించి, కొత్తదాన్ని ఇంకో కొలతలో అడిగితే మనిషన్నవాడు ఏం రాస్తాడు తమ్మీ అని ఆమె అడిగింది. గట్టిగా అడిగే ఓపిక లేక మెల్లగా అడిగింది. అందుకే ఎక్కువ తగిలినట్టుంది, అతను తల దించుకున్నాడు. ఇకమీద సవరణ గడి పక్కన కొలత ఎంచుకోకపోతే ముందుకు పోనివ్వనని, వార్డుకి పోయే అంకెను పంపేముందే చూపిస్తానని చెప్పాడు. మంచిదే. చేతులు కాలాక పట్టుకున్న ఆకులైనా, రేపు ఇంకొకరి చేతులకు పనికొస్తాయి.

రికార్డులో మాత్రం దేన్నీ చెరపకూడదు. 9.4 ఉంటుంది, దాని మీద సవరణగా 1.1 ఉంటుంది, దాని మీద మళ్ళీ సవరణ రావాలి. తప్పు ఎప్పుడు ఎవరు చేశారో, ఎవరు దిద్దారో అన్నీ కనపడాలి. ఉపేందర్ పక్కన నిలబడగా పద్దెనిమిది పాయింట్ ఎనిమిదిని పదిహేడు పాయింట్ ఒకటితో గుణించి, మూడు వందల ఇరవై ఒకటి అని మిషన్ భాషలో కొట్టింది. కారణం అన్నచోట తన పేరు రాసి, కొలత తప్పుగా రాశాను అని రాసింది. మొగులయ్యదీ అట్లాగే దిద్దింది. ఆయన అప్పటికే బుద్ధిగా డాక్టరు గది ముందు వరసలో కూర్చున్నాడు. బండిని చేత్తో నడిపించి, అంకెలు వార్డు తెర మీద దిగాయో లేదో చూడడానికి ఆమె మళ్ళీ మెట్లెక్కింది.

18.8 అని దిగింది, ఎర్రగా మెరుస్తూ. పొద్దున మెరవాల్సింది.

సాయంత్రం రక్తంలో పంతొమ్మిది అయింది. తగ్గుముఖమే, రక్తం మార్చనక్కర్లేదన్నట్టే ఉంది అంది అరుణ. నర్సు ఆ కాగితం చూపించబోతే దుర్గవ్వ మొహం తిప్పుకుందట. కాగితం వద్దు, ఆ రక్తమమ్మ వచ్చి నోటితో చెప్పాలె అందట. మాధవీలత పోయి చెప్పింది. దుర్గవ్వ విని తలూపింది, కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

పాండు జ్వరం తగ్గిందో ఏమో, మొత్తానికి వచ్చాడు. మాధవీలత సంచి భుజాన వేసుకుని, కిందకి పోవాల్సింది పోయి మళ్ళీ పైకెక్కింది. నీలివెలుతురులో బిడ్డ గంతలతో వెల్లకిలా పడుకుని ఉంది. చెవులు ఎంత చిన్నవో. లైటు పడకుండా కట్టిన గంత అంచు ఒక చెవి మీదకి జారి ఉంది. ఈ చెవులతో ఈ పిల్ల ఏమైనా వింటుందో లేదో తెలియడానికి నెలలు పడుతుందట. ఆ నెలలన్నీ తను ఈ మెట్లే ఎక్కుతూ దిగుతూ ఉండాలి.

వెనకనుంచి ఢమాలుమని చప్పుడైంది. పోచమ్మ చేతిలోంచి స్టీలు ట్రే జారి నేల మీద పడి గింగిరాలు తిరిగింది. నర్సు కయ్యిమని లేచింది, పిల్లల గదిలో ఏందా పని అని దులిపేసింది. పోచమ్మ బిక్కమొహం వేసుకుని వంగి ట్రే ఏరుకుంటోంది.

మాధవీలత చూపు బిడ్డ మీదే ఉంది. చప్పుడుకి బిడ్డ ఉలిక్కిపడింది. రెండు చేతులూ ఒక్కసారి విప్పార్చి, వేళ్ళు చాచి, మళ్ళీ గుండెకు ముడుచుకుని, కోపంగా ఏడుపు లంకించుకుంది.

అవతలి వైపునుంచి దుర్గవ్వ కూడా చూసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇంత మాత్రానికే డాక్టరమ్మ ఏమీ తేల్చదని మాధవీలతకు తెలుసు. తెలిసినా కళ్ళనీళ్ళు ఆగలేదు, తుడుచుకోవాలనీ అనిపించలేదు. దుర్గవ్వ తను కూర్చున్న స్టూలు మీద కొంచెం పక్కకు జరిగింది.

"కూసో బిడ్డా," అంది. "పొద్దుగాల్నుంచి నిలబడే ఉన్నవ్."